మొదటి మూడు సెకన్లలో జాకెట్ ముక్క: పండగ ఆఫర్‌కు 30 సెకన్ల నిలువు వీడియో స్క్రిప్టు రాయడం ఎలా

తెనాలిలో ఒక చీరల షాపుకు నేను వీడియోలు రాసిపెడుతుంటాను. 2024 శ్రావణ మాసంలో వాళ్ళు సొంతంగా ఒక వీడియో చేయించుకున్నారు. యాభై సెకన్ల వీడియో. మొదటి ఆరు సెకన్లు షాపు పేరు బంగారు అక్షరాల్లో గిరగిరా తిరుగుతుంది, వెనక అమ్మవారి బొమ్మ, ఆ తర్వాత ఓనరుగారు నమస్కారం పెట్టి "ప్రజలందరికీ వరలక్ష్మీ వ్రత శుభాకాంక్షలు" అంటారు. ఆఫర్ ఏమిటో ఇరవయ్యో సెకనుకు గానీ రాదు. పండగయ్యాక నాకు ఫోనిచ్చి లెక్కలు చూపించారు. ఎంతమంది ఎక్కడిదాకా చూశారో చెప్పే గీత ఒకటి ఉంటుంది కదా, అది మూడో సెకను దగ్గర బావిలో రాయి పడ్డట్టు పడిపోయింది. ఆఫర్ దాకా వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

మరుసటి ఏడు అదే షాపుకు, అదే పండగకు నేను రాసిన స్క్రిప్టును మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ విప్పి చూపిస్తాను. మీది స్వీట్ల షాపైనా, మొబైల్ షాపైనా పని జరిగే వరస ఇదే.

## ముందు ఆఫర్‌ను ఒక్క వాక్యంలోకి దించండి

స్క్రిప్టు రాయడానికి కూర్చునే ముందు ఆఫర్ తేలాలి. చాలామంది షాపువాళ్ళు "పండగ ఆఫర్లు ఉన్నాయని చెప్పండి" అంటారు. అది ఆఫర్ కాదు, ఊరికే పిలుపు. ఎవరికి, ఏం కొంటే, ఏం వస్తుంది, ఎప్పటిదాకా అనే నాలుగూ ఒక్క వాక్యంలో పట్టాలి. పట్టడం లేదంటే ఆఫర్‌లోనే చిక్కుముడి ఉందన్నమాట. అప్పుడు స్క్రిప్టును సవరించి లాభం లేదు, ఆఫర్‌నే సవరించుకోవాలి.

ఈ షాపువాళ్ళు మొదట అనుకున్నది "చీరలపై 20 శాతం తగ్గింపు". ఆ వారంలో బజారంతా చెప్పేది అదే మాట. ఇంకేమైనా ఇవ్వగలరా అని అడిగితే, తమకు ముగ్గురు దర్జీలున్నారన్న సంగతి మాటల్లో బయటపడింది. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం కదా. దానికి ముందు పది రోజులు ఏ ఊళ్ళోనైనా చీర దొరకడం కష్టం కాదు, జాకెట్ కుట్టించుకోవడమే కష్టం. "ఇప్పుడిస్తే పండగయ్యాకే" అని టైలర్లు ముఖం మీదే చెప్పేస్తారు. చీర కొన్నవాళ్ళకు జాకెట్ పండగ ముందురోజుకు చేతికొస్తుందనే మాట తగ్గింపు కన్నా పెద్దది.

అయితే మాట ఇచ్చే ముందు లెక్క చూసుకోవాలి. ముగ్గురు దర్జీలు, ఒక్కొక్కరు రోజుకు మామూలు లైనింగ్ జాకెట్లు అయిదు కుడతారు, మొత్తం పదిహేను. అందులో ఏడు ముందే ఒప్పుకున్న పనికే పోతాయి. మిగిలేవి ఎనిమిది. పది రోజులకు 80. ఒకరోజు కరెంటు పోయినా, ఒకరికి జ్వరమొచ్చినా మాట పోకుండా ఉండాలని 70 దగ్గర ఆపాం. ఇదీ చివరికి తేలిన వాక్యం:

"ఆగస్టు 3 ఆదివారం లోపు 2,500 దాటిన చీర కొని ఆది జాకెట్ ఇచ్చిన మొదటి 70 మందికి, మామూలు లైనింగ్ జాకెట్ ఉచితంగా కుట్టి, 7వ తేదీ గురువారం సాయంత్రం 6 గంటలకు చేతికిస్తాం."

ఈ వాక్యాన్ని వీడియోలో ఎవరూ ఇలా చదవరు. కానీ స్క్రిప్టులో ప్రతి మాటా దీన్నుంచే పుడుతుంది. ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి.

## హుక్ గల్లా దగ్గర దొరుకుతుంది

హుక్ అంటే చూసేవాడి బొటనవేలు పైకి జరగకుండా ఆపే మొదటి రెండు మూడు సెకన్ల మాట, బొమ్మ. చాలామంది దీన్ని గదిలో కూర్చుని ఆలోచిస్తారు. అందుకే "ఆగండి ఆగండి", "ఈ వీడియో మిస్ అయితే మీరే నష్టపోతారు" లాంటివి వస్తాయి. అవి ఏ షాపుకైనా అతుకుతాయి కాబట్టి ఎవరికీ తగలవు.

నేను చేసే పని ఇది. పండగకు మూడు వారాల ముందు ఒక సాయంత్రం షాపులో గల్లా పక్కన స్టూలు వేసుకుని రెండు గంటలు కూర్చుంటాను. వచ్చినవాళ్ళు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటాను. బాగుచేయను. ఆరోజు నా పుస్తకంలో పడ్డవాటిలో కొన్ని:

"ఈ రంగు మా అత్తయ్యగారికి నచ్చదమ్మా."
"పోయినేడు కొన్న చీరే ఇంకా మడత విప్పలేదు."
"చీరదేముందండీ, వ్రతం శుక్రవారమైతే ఆయన జాకెట్ సోమవారం ఇస్తాడంట!"

మూడో మాట విన్నప్పుడు పక్కన ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఒకేసారి తలెత్తి నవ్వారు. "మాకూ అంతే" అంది ఒకావిడ. హుక్‌ను గుర్తుపట్టే పద్ధతి అదే. ఒకరు అన్న మాటకు సంబంధం లేని పక్కవాళ్ళు తలెత్తారంటే, ఫోనులో చూసేవాళ్ళూ తలెత్తుతారు. అత్తయ్యగారి మాట కూడా మంచిదే, కానీ అది మన ఆఫర్‌కు దారితీయదు. హుక్ ఎంత పదునుగా ఉన్నా, తర్వాతి వాక్యంలో ఆఫర్ దాని జవాబుగా రాకపోతే చూసేవాళ్ళు మోసపోయామనుకుని వెళ్ళిపోతారు.

ఆ మాటను కాస్త కుదించాను: "వ్రతం శుక్రవారం. జాకెట్ సోమవారం ఇస్తాడంట!"

ఇక్కడ ఉన్నవి అయిదే మాటలు. పండగ పేరు వచ్చింది, ఇబ్బంది వచ్చింది, ఎవరి గురించో తెలిసిపోయింది. షాపు పేరు లేదు, శుభాకాంక్షలు లేవు, తగ్గింపు లేదు. "ఇస్తాడంట" అన్న మాటను "ఇస్తారట" అని దిద్దమని ఓనరుగారు అడిగారు. నేను దిద్దలేదు. టైలరు ఎదురుగా లేనప్పుడు మనవాళ్ళు ఎలా అంటారో అలాగే ఉండాలి. దిద్దితే అది ప్రకటన గొంతు అయిపోతుంది.

హుక్ మాటతోనే అయిపోదు. బస్సులో, ఆఫీసులో, నిద్రపోతున్న పిల్లల పక్కన చాలామంది చప్పుడు ఆపేసి చూస్తారు. కాబట్టి మొదటి బొమ్మ మాట లేకుండా కూడా సంగతి చెప్పాలి. ఇక్కడ మొదటి ఫ్రేములో మనిషి ముఖం పెట్టలేదు. ఒక అరచేతిలో కుట్టని జాకెట్ ముక్క, దానికి గుచ్చిన టైలరు చీటీ, చీటీ మీద లావు మార్కరుతో "11 సోమవారం". అంతే, ఫ్రేమంతా అదే. తెర మీద అక్షరాలు: "వ్రతం 8న. జాకెట్ 11న?"

ఇలా మూడు దారులూ విడివిడిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. మాట విని బొమ్మ చూడకపోతే అర్థమవుతుందా? బొమ్మ చూసి మాట వినకపోతే? అక్షరాలు మాత్రమే చదివితే? ఏ ఒక్కటి మూగగా ఉన్నా ఆ దారిన వచ్చినవాళ్ళు జారిపోతారు.

## అక్షరాలు లెక్కపెట్టి రాయండి

ఇంగ్లీషులో స్క్రిప్టుకు మాటలు లెక్కపెడతారు. తెలుగుకు అది పనికిరాదు. "వచ్చేటప్పుడు" ఒక మాటే, "చీర" కూడా ఒక మాటే. అందుకని నేను పలికే అక్షరాలు లెక్కపెడతాను. వత్తులను విడిగా లెక్కించను, "కెట్" లాంటి పొల్లును ముందు అక్షరంలో కలిపేస్తాను. తాపీగా, ఇంట్లో మాట్లాడినట్టు పలికితే సెకనుకు ఆరు అక్షరాలు పడతాయి. ఇది నా చెవి కొలత. మీ గొంతుకు ఎంత పడుతుందో ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఒకసారి చదివి చూసుకోండి.

మన హుక్‌లో 16 అక్షరాలు, అంటే రెండున్నర సెకన్ల పైచిలుకు. 30 సెకన్లకు 180 అక్షరాలు పట్టాలి గానీ, గొంతు తిప్పుకోవడానికి, బొమ్మ కనిపించడానికి కాస్త ఖాళీ వదలాలి కాబట్టి 170 దగ్గర ఆపాను. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఇప్పుడు మూడు నిమిషాల నిలువు వీడియోలు కూడా తీసుకుంటాయి. అంత చోటు ఉంది కదా అని సాగదీయకండి. ఒక ఆఫర్ చెప్పడానికి ముప్ఫై సెకన్లు చాలు. పైగా అదే వీడియోను కత్తిరించకుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవచ్చు.

## స్క్రిప్టు

సెకన్లు, కనిపించేది, వినిపించేది, తెర మీద అక్షరాలు. ఈ నాలుగూ ప్రతి ముక్కకూ రాసుకోవాలి. షూటింగు రోజు ఎవరూ దేన్నీ ఊహించుకోవలసిన పని ఉండకూడదు.

0 – 3. అరచేతిలో జాకెట్ ముక్క, చీటీ. కెమెరా కదలదు, చెయ్యి కొంచెం ఊగుతుంది.
కొనడానికి వచ్చినావిడ గొంతు: "వ్రతం శుక్రవారం. జాకెట్ సోమవారం ఇస్తాడంట!"
తెర మీద: వ్రతం 8న. జాకెట్ 11న?

3 – 7. షాపులో పరుపు మీద ఆవిడ, ఎదురుగా అమ్మే అమ్మాయి. అమ్మాయి చీర మడత విప్పుతూ మాట్లాడుతుంది.
అమ్మాయి: "చీర ఇక్కడ తీసుకోండమ్మా. జాకెట్ గురువారం సాయంత్రం మేమిస్తాం."
తెర మీద: జాకెట్ 7న, గురువారం సాయంత్రం 6

7 – 12. కుట్టుమిషన్ చక్రం, సూది కింద గుడ్డ జరుగుతుంటుంది. ఆ తర్వాత అమ్మాయి ముఖం.
ఆవిడ: "కుట్టుకూలెంత?"
అమ్మాయి: "రెండున్నర వేలు దాటిన చీరకి కుట్టుకూలి లేదు. లైనింగ్ కూడా మాదే."
తెర మీద: ₹2,500 దాటిన చీరకు కుట్టు ఉచితం. మామూలు లైనింగ్ జాకెట్‌కు మాత్రమే.

12 – 17. మూడు చీరలు ఒకదాని మీద ఒకటి విప్పి వేయడం, పైనుంచి తీసినది. చివరిది అంచు దగ్గరగా.
అమ్మాయి: "మంగళగిరి పట్టు, ఇరవై ఎనిమిది వందల నుంచి. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ."
తెర మీద: మంగళగిరి పట్టు ₹2,800 నుంచి

17 – 23. ఆవిడ సంచిలోంచి పాత జాకెట్ తీసి ఇస్తుంది. అమ్మాయి కొత్త చీటీ రాసి గుచ్చుతుంది.
అమ్మాయి: "వచ్చేటప్పుడు ఆది జాకెట్ తెచ్చుకోండి. మూడో తారీకు ఆదివారం వరకే. డెబ్బై జాకెట్లే కుట్టగలం."
తెర మీద: ఆగస్టు 3 వరకు. మొదటి 70 మందికి.

23 – 28. రోడ్డు మీంచి షాపు ముందు భాగం, పక్కన అందరికీ తెలిసిన గుర్తు కూడా పడేలా.
అమ్మాయి: "తెనాలి బోసు రోడ్డు, (షాపు పేరు). రంగులు చూడాలంటే వాట్సాప్‌లో 'చీర' అని పెట్టండి."
తెర మీద: షాపు పేరు, వాట్సాప్ నంబరు

28 – 30. మళ్ళీ అదే అరచెయ్యి, అదే కోణం. ఈసారి కుట్టిన జాకెట్, చీటీ మీద "7 గురువారం".
ఆవిడ: "ఇక తోరం కట్టుకోవడమే!"

చివరి బొమ్మ మొదటి బొమ్మలాగే ఉండటం ఊరికే అందానికి కాదు. ఈ వీడియోలు అయిపోగానే మళ్ళీ మొదటినుంచి ఆడతాయి. కుట్టిన జాకెట్ మీంచి కుట్టని ముక్కకు అతుకు కనపడకుండా జారిపోతే, చూసేవాళ్ళు రెండోసారి మొదలైందని గమనించేలోపే హుక్ ఇంకోసారి వినేస్తారు. మొదటిసారి తేదీ సరిగా పట్టుకోనివాళ్ళకు రెండో చుట్టులో అందుతుంది.

"కుట్టుకూలెంత?" అని ఆవిడ చేత అడిగించడానికి కూడా కారణం ఉంది. జాకెట్ గురువారం ఇస్తామనగానే చూసేవాళ్ళ మనసులో పుట్టే మొదటి అనుమానం డబ్బు గురించే. ఆ అనుమానాన్ని వాళ్ళ తరఫున ఒక మనిషి అడిగేస్తే వింటారు. షాపు తనంతట తాను "ఉచితం ఉచితం" అని అరిస్తే ఇందులో ఏదో మెలిక ఉందనుకుంటారు.

ఇంకో మాట. "నాణ్యమైన", "సరసమైన ధరలకు", "విచ్చేయండి", "సువర్ణావకాశం" లాంటి మాటలు రాసిన వెంటనే కొట్టేయండి. ఇవి ఆటోకు మైకు కట్టి తిరిగే ప్రచారంలో అరిగిపోయాయి. వినగానే ప్రకటన అని చెవి మూసుకుంటుంది. స్క్రిప్టును రాసినవాళ్ళు కాకుండా పలికేవాళ్ళు పైకి చదవాలి. ఆ అమ్మాయి మొదటిసారి చదివినప్పుడు "జాకెట్టును అందజేస్తాం" దగ్గర నాలుక తడబడింది. "మేమిస్తాం" అని మార్చాను. తడబడిన ప్రతిచోటా తప్పు స్క్రిప్టుదే.

## తెర మీద అక్షరాలకు ప్రత్యేకంగా చూడవలసినవి

నిలువు వీడియో కొలత 1080 x 1920. కానీ అంత చోటూ మనది కాదు. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో కింది భాగాన ఖాతా పేరు, వివరం వచ్చి కూర్చుంటాయి, కుడి పక్కన లైకు, షేరు గుర్తులు ఉంటాయి. కింద మూడో వంతు, పైన ఏడో వంతు వదిలేసి, మధ్యలో ఉన్నచోటే అక్షరాలు పెట్టండి. వాట్సాప్ నంబరును అట్టడుగున పెట్టి అది కనపడక ఫోన్లు రాని వీడియోలు చాలా చూశాను.

తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. మనకు పైన గుడి, ఏత్వం, కింద వత్తులు ఉంటాయి కాబట్టి రెండు వరసలు దగ్గరగా పెడితే పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. వరసల మధ్య చోటు ఎక్కువ వదలండి, ఒక్కో వరసలో నాలుగైదు మాటలకు మించి పెట్టకండి. ఇక కొన్ని ఎడిటింగు యాప్‌లలో వత్తులు విడిపోతాయి. "వ్రతం" కాస్తా "వ్‌రతం" అవుతుంది, "శుక్రవారం"లో క్రావడి ఊడి పక్కన పడుతుంది. మన స్క్రిప్టులో సరిగ్గా ఆ మాటలే ఉన్నాయి. అందుకని ఎడిటింగు మొదలుపెట్టే ముందే "వ్రతం, శుక్రవారం, ఆగస్టు, పచ్చ" అని నాలుగు మాటలు కొట్టి చూసుకోండి. విడిపోతే మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంటు మార్చి చూడండి. అదీ కుదరకపోతే అక్షరాలను వేరే యాప్‌లో బొమ్మగా చేసి వీడియో మీద అతికించండి.

తేదీల విషయంలో "ఈ శుక్రవారం", "రేపటి దాకా" అని ఎప్పుడూ రాయకండి. వీడియో మీరు పెట్టినరోజే అందరికీ కనపడదు. వారం తర్వాత కూడా ఎవరి ఫోనులోనో మొదటిసారి తేలుతుంది. మాటలో రోజు పేరు, తెర మీద తేదీ అంకె, రెండూ ఉండాలి.

## ఉచితం అన్నప్పుడు

2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. షాపు వీడియో కూడా ప్రకటనే. అందులో మనకు పనికొచ్చేవి కొన్నే. ఉచితం అని చెప్పి, దాని కోసం చీర ధర పెంచకూడదు. నిన్న 2,400 ఉన్న చీరకు 2,800 చీటీ అంటించి జాకెట్ ఉచితం అంటే అది ఉచితం కాదు. ఉచితం పొందడానికి కొనేవాళ్ళు ఏం చేయాలో స్పష్టంగా చెప్పాలి. షరతును ప్రకటన ఉన్న భాషలోనే చదవగలిగేలా పెట్టాలి. తెలుగులో ఊరించి ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలతో షరతులు పెట్టడం కుదరదు. సరుకు పరిమితంగా ఉంటే ఆ సంగతి చెప్పాలి.

"మామూలు లైనింగ్ జాకెట్‌కు మాత్రమే" అన్న మాటను ఏడో సెకనులోనే, ఉచితం అన్న మాట పక్కనే పెట్టింది అందుకే. మగ్గం పని, ప్యాడెడ్ జాకెట్ కావాలని వచ్చినవాళ్ళు గల్లా దగ్గర గొడవపడరు. డెబ్బై అనే అంకె కూడా నిజమైనదే కావాలి. తొందరపెట్టడానికి వేసిన అంకె అయితే, డెబ్బై ఒకటో మనిషికి కూడా ఇచ్చినరోజు షాపు మాటకు విలువ పోతుంది.

అలాగే మరమగ్గం చీరను చేనేత అనకండి. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు వాడితే ఆ చీరే చూపించాలి. పాటల సంగతీ అంతే. వ్యాపార ఖాతాలకు సినిమా పాటలు వాడుకునే హక్కు ఉండదు, వీడియో మూగబోవచ్చు లేదా తీసేయవచ్చు. ఈ వీడియోకు కుట్టుమిషన్ చప్పుడే సంగీతం. చివర ఒక్క గంట మోత.

## షూటింగు రోజు

స్క్రిప్టు రాసినవాళ్ళు షూటింగు దగ్గర ఉండాలి, కనీసం హుక్ తీసేదాకా. మొదటి ముక్కను పదిసార్లయినా తీయండి, మిగతావి రెండు మూడుసార్లు చాలు.

షాపులో ట్యూబులైట్లు, ఎల్‌ఈడీల కింద తీస్తే వీడియోలో చారలు కదులుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫోనులో షట్టరు మార్చే వీలుంటే 1/50 లేదా 1/100 పెట్టండి. వీలు లేకపోతే వాకిలి దగ్గరకు జరిగి పగటి వెలుతురులో తీయండి. చీరకు అదే మంచిది కూడా. జరీ ఎదురు వెలుతురులో తెల్లగా పేలిపోతుంది, పక్కనుంచి పడే వెలుతురులో అంచును మెల్లగా కదిపితేనే మెరుస్తుంది.

గొంతును విడిగా రికార్డు చేయండి. దానికి స్టూడియో అక్కర్లేదు, చీరల గోడౌను చాలు. చుట్టూ కట్టలు కట్టలుగా ఉన్న గుడ్డ గది మోతను మింగేస్తుంది. అమ్మాయిని చీరల మధ్య కూర్చోబెట్టి, ఫ్యాను ఆపి, ఫోను జానెడు దూరంలో పెట్టి చదివించాం. రోడ్డు మీద లారీ హారన్లు కూడా లోపలికి రాలేదు.

## పెట్టే ముందు ఒక పరీక్ష

వీడియో తయారయ్యాక షాపుతో సంబంధం లేని ఒకరికి చప్పుడు ఆపేసి ఒకే ఒక్కసారి చూపించండి. తర్వాత ఫోను వెనక్కి తీసుకుని మూడు అడగండి. ఏమిస్తున్నారు? ఎప్పటిదాకా? వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి? నేను మా పక్కింటి పిన్నిగారికి చూపించాను. మొదటి రెండూ చెప్పారు. మూడోదానికి "ఏం తీసుకెళ్ళాలి, డబ్బులేగా" అన్నారు. ఆది జాకెట్ మాట వినిపిస్తోంది గానీ తెర మీద లేదు. పదిహేడో సెకనులో "ఆది జాకెట్ తెచ్చుకోండి" అని అక్షరాలు వేసి, తర్వాతే తేదీ వచ్చేలా మార్చాను. ఆది లేకుండా వచ్చి మళ్ళీ ఇంటికి వెళ్ళవలసి వస్తే సగంమంది తిరిగి రారు.

హుక్ మీద అనుమానం ఉంటే రెండు రాసి, మిగతా వీడియో అలాగే ఉంచి, రెండు రకాలుగా పెట్టండి. మేము రెండోదాంట్లో చేతికి బదులు ఆవిడ ముఖంతో మొదలుపెట్టి యూట్యూబ్‌లో పెట్టాం. యూట్యూబ్ స్టూడియోలో ఎంతమంది ఆగి చూశారో, ఎంతమంది జరిపేశారో విడివిడిగా కనిపిస్తుంది. అయితే చేతి వీడియోను కూడా అక్కడే, అదే వేళకు పెట్టి పోల్చాలి. ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో, ఒకటి యూట్యూబ్‌లో పెట్టి పోలిస్తే ఆ తేడా హుక్‌దో, చోటుదో తెలియదు. మాకు చేతిదే ఎక్కువమందిని ఆపింది. చీటీ మీద ఏముందో చదవడానికి ఆగి ఉంటారని నా నమ్మకం.

గీత మూడో సెకనులో పడితే హుక్ తప్పు. మూడు దాటి ఏడు, ఎనిమిది దగ్గర పడితే హుక్ అడిగినదానికి ఆఫర్ జవాబు చెప్పలేదని. చివరిదాకా చూసి కూడా ఎవరూ వాట్సాప్ చేయకపోతే ఇరవై మూడో సెకను దగ్గర చూడండి. నంబరు కనపడకపోయినా, ఏం చేయాలో చెప్పకపోయినా అలా జరుగుతుంది.

మేము జులై 27 ఆదివారం పెట్టాం, కొనడానికి వారం రోజులు చేతిలో ఉండేలా. దర్జీలకు కూడా పని ఒక్కసారి మీద పడకుండా విడతలుగా వచ్చింది. డెబ్బయ్యో ఆది జాకెట్ ఆగస్టు 2 శనివారం మధ్యాహ్నం అందింది. చీటీ రాసిన వెంటనే అమ్మాయి ఫోను తీసి, వివరం మొదటి వరసలో "70 పూర్తయ్యాయి, ఇకపై చీరలు మాత్రమే" అని మార్చి, అదే మాటను కామెంట్లలో అన్నిటికన్నా పైన ఉండేలా పిన్ చేసింది. స్టేటస్‌లోంచి వీడియో తీసేసింది. ఆ సాయంత్రం వీడియో చూసి వచ్చిన ఇద్దరికి మాత్రం ఆ సంగతి షాపులోనే చెప్పవలసి వచ్చింది. అందుకే ఇప్పుడు నేను స్క్రిప్టు చివర ఒక వరస అదనంగా రాస్తున్నాను: ఆఫర్ నిండగానే వివరం ఎవరు మార్చాలి, ఏ మాటలతో మార్చాలి, వాకిట్లో పెట్టే బోర్డు ఎవరు రాయాలి.